టైలరింగ్ షాప్ స్వాట్ టేబుల్‌లో ఈ పాయింట్లు ఏ గడిలో వేయాలి?

మాది చిన్న టైలరింగ్ షాప్, లోన్ కోసం స్వాట్ టేబుల్ అడిగారు. ఇంతవరకు వేసింది ఇదీ:

| బలాలు | బలహీనతలు |
|---|---|
| ఫిట్టింగ్ బాగుంటుంది | కటింగ్ తెలిసింది ఒక్కరికే |
| పాత కస్టమర్ల కొలతల పుస్తకం ఉంది | సీజన్‌లో డెలివరీ ఆలస్యం |

| అవకాశాలు | ముప్పులు |
|---|---|
| రెడీమేడ్ బట్టలకు ఆల్టరేషన్ | రెడీమేడ్ చవక |
| స్కూల్ యూనిఫాం ఆర్డర్లు | దారం, లైనింగ్ ధరలు పెరగడం |

మన చేతిలో ఉన్నవి పై రెండు గడుల్లో, బయట నుంచి వచ్చేవి కింద అని తెలుసు, కానీ కొన్ని రెండు వైపులా పడుతున్నాయి. కటింగ్ మాస్టర్ మానేస్తే అనేదాన్ని ముందు ముప్పులో రాశాను, తర్వాత ఆలోచిస్తే ఇంకొకరికి నేర్పించకపోవడం మన లోపమే కదా అని బలహీనతలోకి మార్చాను, ఇది కరెక్టేనా? సీజన్ రద్దీ ఇంకా తికమక. గిరాకీ పెరగడం అవకాశమే, దాన్ని అందుకోలేకపోవడం బలహీనత, మరి ఒకే విషయాన్ని రెండు గడుల్లో విడగొట్టి రాస్తే చదివేవాళ్లు తప్పుపడతారా?

"ఫిట్టింగ్ బాగుంటుంది" కూడా నాకే నచ్చట్లేదు, ప్రతి టైలరూ అదే అంటాడు. దాని బదులు నెలలో ఎన్ని బట్టలు సరిచేయమని వెనక్కి వచ్చాయో రాస్తే నమ్ముతారా? ఇలాంటి టేబుల్ బ్యాంకుకి ఇచ్చినవాళ్లు ఉంటే చెప్పండి, ఒక్కో గడిలో ఎన్ని పాయింట్లు పెట్టారు?