ఓసీ రాకముందే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా?

మియాపూర్ కొనుగోలుదారు: స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు ఫ్లాట్ తీసుకుంటున్నాము. భవనంలో నివసించవచ్చని కార్పొరేషన్ ఇచ్చే పత్రం, అంటే ఓసీ, రెండు నెలల్లో వస్తుందని, ఈలోగా రిజిస్ట్రేషన్ ముగించుకొమ్మని బిల్డర్ అంటున్నారు. కంప్లీషన్ సర్టిఫికెట్ చూపించారు. అది చాలదా?

బ్యాంకు లోన్ల విభాగం: చాలునని నా అభిప్రాయం. సబ్‌రిజిస్ట్రార్ ఓసీ అడగరు. సేల్ డీడ్ అయితే హక్కు మీ పేరుకు వస్తుంది. మా బ్యాంకు లాయర్ కూడా టైటిల్ సరిగా ఉంటే చాలంటారు.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ ఉద్యోగి: హక్కు వస్తుందన్నది నిజమే గానీ, టైటిల్ పరిశీలన భూమి ఎవరిదో చెబుతుంది తప్ప, కట్టడం ప్లాను ప్రకారం ఉందో లేదో చెప్పదు. కట్టడం తనఖాగా ఇచ్చే లోన్లకు ముందు ఓసీ లేదా కంప్లీషన్ సర్టిఫికెట్ సరిచూడాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు బ్యాంకులకు స్పష్టంగానే చెప్పింది.

ముందు ఆ కంప్లీషన్ కాగితం మీద ఎవరి సంతకం ఉందో చూడండి. ఆర్కిటెక్ట్ సంతకం మాత్రమే ఉంటే, అది పని పూర్తయిందని బిల్డర్ కార్పొరేషన్‌కు ఇచ్చుకున్న నోటీసు. ఇంకా ఎవరూ వచ్చి కొలవలేదన్నమాట. కొలిచినప్పుడు, ప్లానులో నాలుగు మీటర్లున్న సెట్‌బ్యాక్, అంటే కట్టడం పక్కన వదలాల్సిన ఖాళీ, 3.7 మీటర్లు తేలితే అపరాధ రుసుముతో ఓసీ ఇస్తారు. 3.4 తేలితే పది శాతం పరిమితి దాటినట్టే, ఫైలు ఆగిపోతుంది. పైన ప్లానులో లేని పెంట్‌హౌస్ కనబడినా అంతే.

మీది మొదటి అంతస్తు కనుక ఇంకొకటి అడుగుతాను. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ప్రకారం, పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ పది శాతం కట్టుబడిని కార్పొరేషన్‌కు మార్ట్‌గేజ్ చేయాలి. ఇరవై వేల చదరపు అడుగుల్లో రెండు వేలు, అంటే సుమారు రెండు ఫ్లాట్లు, సాధారణంగా కింది అంతస్తుల్లోనివి. ఓసీ వచ్చాకే వాటిని విడుదల చేస్తారు. మీ ఫ్లాట్ మీద రిజిస్టరైన తాకట్లు, లావాదేవీలు చూపే ఈసీ తీశారా?

విజయవాడ నివాసి: మా పాత అపార్ట్‌మెంట్‌కు ఓసీ లేదు, అయినా అందరమూ ఉంటూనే ఉన్నాము. అయితే నిరుడు అమ్మబోతే కొనేవారికి బ్యాంకు లోన్ నిరాకరించింది. ఇప్పుడు ఓసీ తీసుకునే మార్గముందా?

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ ఉద్యోగి: మీది వేరే విషయమండీ, అసోసియేషన్ తరఫున ప్లాను, కొలతలు తీసుకొని విడిగా అడగండి.

మియాపూర్ కొనుగోలుదారు: ఈసీ తీశాను. 101, 102 ఫ్లాట్లు కమిషనర్ పేర మార్ట్‌గేజ్ అయ్యాయి. మాది 102.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ ఉద్యోగి: అయితే విడుదల పత్రం రిజిస్టరై, కొత్త ఈసీలో కనబడేవరకు సేల్ డీడ్ వద్దు. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయించుకొని, చివరి వాయిదాను ఓసీకి ముడిపెట్టండి.

బ్యాంకు లోన్ల విభాగం: 102 విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ మార్ట్‌గేజ్ లేని మూడో అంతస్తు వారు అద్దె, ఈఎంఐ రెండూ కడుతూ ఎన్నాళ్లు ఆగాలి?

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ ఉద్యోగి: వారి ఇబ్బంది నిజమే. అయినా సొమ్మంతా ముట్టాక, ఆగిన ఫైలు వెంట బిల్డర్ తిరగడం నేను అరుదుగా చూశాను.