నెబ్యులైజర్ నిమిషాల్లో, స్టెరాయిడ్ గంటల్లో: ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

మాది కావలి. బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. పోయిన వారం రాత్రి మా అవ్వకి ఆయాసం ఎక్కువైతే ఆస్పత్రికి తీసుకెళ్లాం. సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజర్ పెట్టిన పది నిమిషాలకే పిల్లికూతలు తగ్గాయి. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ కూడా చేసి, "దీని పని తెలియాలంటే నాలుగైదు గంటలు పడుతుందమ్మా" అన్నారు నర్సు. నరంలోకి ఎక్కించిన మందుకు అంతసేపా!

నాకు అర్థమైంది ఇదీ. సాల్‌బ్యుటమాల్ కణంలోకి పోనక్కర్లేదు. పొర మీది బీటా-2 రిసెప్టర్‌కి తగులుకుంటే చాలు, లోపల cAMP పెరిగి కండరం సడలుతుంది. అందుకు కావలసిన ప్రోటీన్లన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. స్టెరాయిడ్ మాత్రం కొవ్వులో కరుగుతుంది కాబట్టి పొర దాటి, సైటోప్లాజంలో హెచ్ఎస్‌పీ-90 లాంటి ప్రోటీన్లతో కలిసి ఉన్న రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. ఆ రిసెప్టరే కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జన్యువుల పని పెంచుతుంది, కొన్నిటిని అణచేస్తుంది.

కేంద్రకం చేరడానికి నిమిషాలే పడుతుందని చదివాను. అంటే మిగతా ఆలస్యమంతా ఎంఆర్ఎన్ఏ, ప్రోటీన్ తయారీదేనా? వాపు పుట్టించే జన్యువుని అణచడానికి కొత్త ప్రోటీన్ ఎందుకు? లేక అప్పటికే తయారైన పాత ప్రోటీన్లు అరిగిపోయేదాకా ఆగాలా? ఈ రెండిట్లో ఏది ఎక్కువో ఎలా తేలుస్తారు? కణాలకు ఆక్టినోమైసిన్-డి ఇచ్చి ట్రాన్స్‌క్రిప్షన్ ఆపితే వాపు పుట్టించే ప్రోటీన్ల తయారీ కూడా ఆగిపోతుంది కదా, అక్కడే ఇరుక్కుపోయాను. తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.