మొదటి ప్రదర్శన తర్వాత ఈ ఒక్క ప్రశ్నకు ఏం చెప్పాలి?

వచ్చే శనివారం నా మొదటి డాక్యుమెంటరీ ప్రదర్శన. అయ్యాక 20 నిమిషాలు ప్రేక్షకుల ప్రశ్నలుంటాయి. కెమెరా, బడ్జెట్ గురించి అడిగితే ఫర్వాలేదు. నా టెన్షనంతా ఒక్క ప్రశ్న గురించే.

సినిమా మతిమరుపు జబ్బున్న మా నాన్న గురించి. మొదట్లో ఆయనే ఒప్పుకున్నారు. చివరి నెలల్లో ఎదురుగా కెమెరా ఎందుకుందో కూడా ఆయనకు తెలియదు, అమ్మ సరేనంటే తీశాను. ఆయన ఏడ్చే సీను ఎడిటింగ్‌లో రెండుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను.

"ఆయన ఒప్పుకున్నారా?" అని ఎవరో ఒకరు అడగక మానరు. ఇంట్లో జవాబు చెప్పి చూసుకుంటే 4 నిమిషాలు పట్టింది, అచ్చం సంజాయిషీలా ఉంది. "మొదట ఒప్పుకున్నారు, తర్వాత ఒప్పుకునే స్థితిలో లేరు. ఆ సీను ఉంచడం నా నిర్ణయం" అని అంతటితో ఆపేస్తే పొగరనుకుంటారా?

అమ్మ కూడా హాల్లోనే ఉంటుంది. ఆమెకు మైకు ఇవ్వొద్దని నిర్వాహకులకు ముందే చెప్పొచ్చా?