గుర్తులేని చీలిక దగ్గర ముందుకా, వెనక్కా?

దారితప్పినోడు: పోయిన వారం ట్రెక్‌లో చెట్లకి పసుపు పెయింట్ గీతలు చూసుకుంటూ ఎక్కాం, దాదాపు యాభై అడుగులకొకటి కనిపించేది. ఒకచోట దారి రెండుగా చీలింది, ఏ గుర్తూ లేదు. వెడల్పుది పట్టుకుని నలభై నిమిషాలు నడిస్తే నున్నటి బండ దగ్గర దారి ఆగిపోయింది. ఇలాంటి చోట ఎటో ఒకటి ఎంచుకోవాలా, లేక చివరి గుర్తు దాకా వెనక్కి వెళ్ళాలా? మా గ్యాంగ్‌లో ఇప్పటికీ గొడవే.

బూట్లబాబు: వెడల్పు దారే కరెక్ట్ బ్రో, ఎక్కువమంది నడిచింది అదే కదా. మీకు బ్యాడ్ లక్ అంతే.

పాతకర్ర: బాబూ, సగం నిజం. తప్పు దారిలో వెళ్ళినవాళ్ళు అదే దారిలో తిరిగొస్తారు కాబట్టి ఒక్కో మనిషి దాన్ని రెండుసార్లు తొక్కుతాడు. అందుకే చీలిక దగ్గర మొదటి కొంత దూరం తప్పుదారి కూడా బాగా నలిగి వెడల్పుగా కనిపిస్తుంది, ముందుకెళ్ళేకొద్దీ ఒక్కొక్కరూ వెనక్కి తిరుగుతారు కాబట్టి సన్నబడుతుంది. నలుగుడు చూడాలంటే చీలిక దగ్గర కాదు, వంద అడుగులు లోపలికెళ్ళి చూడాలి.

దారితప్పినోడు గారూ, ఒకటి చెప్పండి, చీలిక చేరే ముందు చివరి గుర్తు ఎంత దూరంలో చూశారు?

దారితప్పినోడు: కబుర్లలో పడ్డాం అండి, సరిగ్గా గుర్తులేదు కానీ ఐదారు నిమిషాలైనా అయుంటుంది.

పాతకర్ర: అదే అనుకున్నా. యాభై అడుగులకొక గుర్తు పెట్టినవాడు, ఐదు నిమిషాల దారి ఖాళీగా వదిలి, అసలు అవసరమైన చీలిక దగ్గర కూడా ఏమీ పెట్టకుండా ఉంటాడా? అంటే మీరు చీలిక దగ్గర తప్పలేదు, అంతకుముందే దారి వదిలేశారు. ఆ రెండు దారులూ బహుశా పశువులవి, రెండూ మీవి కావు. మామూలుగా వచ్చే దూరానికి రెండు మూడు రెట్లు నడిచినా గుర్తు కనపడకపోతే అక్కడే ఆగిపోవాలి, చీలిక వచ్చేదాకా ఆగక్కర్లేదు.

దారితప్పినోడు: అయ్యో నిజమే! తిరిగొచ్చేటప్పుడు చివరి గుర్తు చెట్టు మీద ఒకదానిపైన ఒకటి రెండు గీతలున్నాయి, ఎవరో రెండుసార్లు వేశారులే అనుకున్నాం.

పాతకర్ర: చాలాచోట్ల రెండు గీతలంటే మలుపు వస్తోంది, చూసుకో అని. తిన్నగా కనిపించే దారి మిమ్మల్ని లాక్కెళ్ళింది, అసలు దారి పొద వెనక పక్కకి తిరిగుంటుంది. కాకపోతే అన్ని ట్రెయిల్స్‌లో ఒకే పద్ధతి ఉండదు, ఎక్కే ముందే అక్కడి బోర్డు చదువుకోవాలి.

మంచుపొద్దు: మేమైతే ప్రతి మలుపులో రాళ్ళు పేర్చుకుంటూ వెళ్తాం, ఫొటోలు కూడా సూపర్‌గా వస్తాయి 😄 ఎవరికైనా ఉపయోగపడతాయి కదా?

పాతకర్ర: అమ్మా, దయచేసి వద్దు. మంచు కమ్మినప్పుడు చెట్లు లేని బండల మీద మనిషికి ఆ రాళ్ళ కుప్పే ఆధారం, మీరు ఫొటోకి పేర్చింది కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. దారి కోసం పెట్టినది మామూలుగా కింద వెడల్పుగా, గాలికి పడనట్టు ఉంటుంది, పాతదైతే రాళ్ళ మీద నాచు కూడా పట్టుంటుంది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన సన్నటి వరసని నమ్మను. ఒక కుప్ప దగ్గర నిలబడితే ఇంకోటి కనిపించాలి, కనిపించకపోతే అనుమానమే.

బూట్లబాబు: మరి తప్పుడు కుప్ప కనిపిస్తే పడగొట్టెయ్యాలా?

పాతకర్ర: నేను పడగొట్టను, నాకు తప్పనిపించింది ఇంకో దారి గుర్తు అయుండొచ్చు.

మంచుపొద్దు: మరి వదిలేస్తే తర్వాతి వాళ్ళు మోసపోరా? దీన్ని నేను ఒప్పుకోను.

ఒంటరినడక: నిజంగానే దారి మీద చీలిక వచ్చి గుర్తు లేకపోతే? పెయింట్ చెరిగిపోతుంది, చెట్టు కూలిపోతుంది.

పాతకర్ర: అప్పుడు ఒకరు చీలిక దగ్గరే నిలబడాలి, ఇంకొకరు మాట వినపడే దూరం దాటకుండా ఒక్కో దారీ చూసిరావాలి. చాలాసార్లు గుర్తు చీలిక మీద కాకుండా కొంచెం లోపల ఉంటుంది. వెనక్కి తిరిగి కూడా చూడండి, దిగేవాళ్ళ కోసం చెట్టుకి అవతలి వైపు గీత వేసుంటారు. దారికి అడ్డంగా కొమ్మలో రాళ్ళో పరిచి ఉంటే అటు వెళ్ళొద్దని అర్థం. రెండువైపులా ఏమీ దొరక్కపోతే చివరి గుర్తు దగ్గరికే.

ఒంటరినడక: నేను ఒక్కణ్ణే వెళ్తా, చీలిక దగ్గర ఎవర్ని నిలబెట్టాలి? ఫోన్ మ్యాప్ ఉందిగా.

పాతకర్ర: రెండు దారులు పక్కపక్కనే మొదలైతే ఫోన్ చుక్క ఎటుందో తేల్చలేదు, కొంచెం దూరం విడిపోయాకే తెలుస్తుంది. ఒంటరిగా అయితే అడుగులు లెక్కపెట్టుకో, నూటయాభైకి గుర్తు రాకపోతే తిరుగు. పొగమంచులో అయితే నేను ఆ నూటయాభై కూడా వెయ్యను.

బూట్లబాబు: నూటయాభై మరీ తక్కువ అన్నా, ఐదు వందలు వెయ్యొచ్చు.

దారితప్పినోడు: మేం నలభై నిమిషాలు వేశాం బ్రో 😅 ఇంకోటి, దిగేటప్పుడు కూడా ఒక చీలిక తగిలింది, ఎక్కేటప్పుడు అది అసలు కనపడలేదు.

పాతకర్ర: ఎక్కేటప్పుడు వెనక వైపు నుంచి వచ్చి కలిసే దారి కంటికి ఆనదు, దిగేటప్పుడు అదే చీలికవుతుంది. అందుకే నేను ఎక్కుతూ మధ్యమధ్యలో ఆగి వెనక్కి ఫొటో తీసుకుంటా.