మెస్ బిల్లు షీట్‌లో ప్రతి నెలా లోటు: రౌండింగ్ ఒక్కటే కారణమా?

లెక్కలపిల్ల: మాది డివైడింగ్ మెస్. 212 మంది బిల్లులు చేత్తో వేసేవాళ్లు, నేను షీట్‌లో పెట్టాను. జూన్ ఖర్చు ₹6,32,300. రిజిస్టర్‌లో మెస్ రోజులు 5,830. B2లో ఖర్చు, C2లో మొత్తం రోజులు, D5 నుంచి కిందికి ఒక్కొక్కరి రోజులు. రోజు రేటుకి పాత పద్ధతే ఉంచాను:

```
=INT(B2/C2)
```

రేటు 108 వచ్చింది. బిల్లులన్నీ కూడితే ₹6,26,400. అంటే ₹5,900 తక్కువ! నోటీసు బోర్డు మీద ఖర్చు, వసూలు లక్షల్లో వేస్తారు, రెండూ 6.3 అనే ఉన్నాయి. అందుకే ఎవరికీ కనపడలేదు. ఏప్రిల్, మే కూడా ఇంతే, లోటు సరుకుల బాకీలో కలుస్తోంది.

కడపకుర్రాడు: INT తీసేసి ROUND పెట్టు. ఒక నెల పైకి, ఒక నెల కిందికి పోయి సర్దుకుంటుంది.

రూమ్‌నంబర్14: మాకు నెలకింత అని ఫిక్స్‌డ్. ఊరెళ్లిన రోజులకి కాంట్రాక్టరు తగ్గించడు. ఈ ఫార్ములాతో తగ్గుతుందా?

పాతమెస్‌సెక్రటరీ: రూమ్‌నంబర్14, తగ్గదండీ. మీది ఒప్పందంలో తేలాల్సిన విషయం.

కడపకుర్రాడు చెప్పినట్టు INT తప్పే, ఎప్పుడూ కిందికే కోస్తుంది. కానీ ఈ నెల అసలు రేటు 108.456, కాబట్టి ROUND పెట్టినా 108 దగ్గరే ఆగుతుంది. రోజుకి పోయేది 46 పైసలు కూడా కాదు, 5,830 రోజులకి అదే ₹2,660 అయింది. రేటుని అసలు కోయకూడదు. ఒక్కొక్కరి బిల్లు దగ్గర ఒకేసారి రూపాయికి సర్దాలి:

```
=ROUND($B$2/$C$2*D5,0)
```

అప్పుడు మనిషికి తేడా 50 పైసలు దాటదు. 212 మందికీ కలిపి ఎంత పోయినా ₹106.

ఇంకా ₹3,240 మిగిలింది కదమ్మా. దాన్ని 108తో భాగించు, సరిగ్గా 30 వస్తుంది. పైసల తేడా అయితే ఇంత నిండుగా రాదు. ఎవరిదో నెల భోజనం రిజిస్టర్‌లో ఉంది, బిల్లుల్లో లేదు. ఇది చూడు:

```
=C2-SUM(D5:D216)
```

సున్నా రావాలి. 31 రోజుల నెలలో 31 వస్తే అది ఒక్క మనిషిదే అనుకోవచ్చు.

లెక్కలపిల్ల: జూన్‌కి 30, మేకి 31 వచ్చాయి! మార్చిలో గది ఖాళీ చేసిన అమ్మాయి పేరు. బిల్లుల్లోంచి తీసేశారు, రిజిస్టర్‌లో టిక్కులు పడుతూనే ఉన్నాయి.

పాతమెస్‌సెక్రటరీ: వెంటనే కొట్టేయకు. ఆ ప్లేటు నిజంగా ఎవరైనా తింటున్నారేమో వంటవాళ్లని అడుగు. తింటుంటే వాళ్లకి బిల్లు వెయ్యి. ఎవరూ తినకపోతే రోజులు 5,800 అవుతాయి, రేటు 109.02 అవుతుంది.

కడపకుర్రాడు: ROUNDతో సరిపోతుందనుకున్నా, ఈ 30 తట్టలేదు. మరి పాత నెలల లోటు? వచ్చే నెల రేటులో కలిపితే పోతుంది.

పాతమెస్‌సెక్రటరీ: రేటులో కలిపితే మళ్లీ కనపడకుండా పోతుంది. ‘పాత లోటు’ అని విడిగా ఒక వరుస వేసి, ఆ నెలల్లో తిన్నవాళ్లకే పంచాలి.

లెక్కలపిల్ల: ఫైనలియర్ వాళ్లు మేలోనే డిపాజిట్ తీసుకుని వెళ్లిపోయారండీ. వాళ్ల వాటా ఎవరి మీద వెయ్యాలి?