సమస్యాపూరణం: “నల్లవాని పేరు తెల్లవాడు”

నిర్వాహకుడు, అమలాపురం
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం: *నల్లవాని పేరు తెల్లవాడు.* మన ఇళ్లలో పెట్టుకునే సంస్కృతపు పేరు ఏదైనా తీసుకుని, దాని అర్థం మీద పూరించండి. న, తె లకు యతి లేదేమిటని కంగారు పడొద్దు, నల్ల–తెల్ల ప్రాసయతి. “పేరు దెల్లవాడు” అని ఉండాలని పట్టుబట్టేవారు ఎలాగూ వస్తారు. అక్కడ గసడదవాదేశం బహుళం కాబట్టి రెండూ చెల్లుతాయి.

ముమ్మిడివరం రైతు
మా తాతగారి పేరు అర్జునయ్య. ఆయన రంగు చూసి ఊళ్లో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అర్జునుడంటే తెల్లనివాడని ఎవరికీ తెలీదు. నాకూ నిన్న మా అమ్మాయి నిఘంటువు తీసి చూపిస్తేనే తెలిసింది.

కోనసీమ చేల కోతలో నెండిన
తాత మేను బొగ్గు నలుపు జూపు
నర్జునయ్య యనుచు నందరున్ బిలిచిరి
నల్లవాని పేరు తెల్లవాడు

పాలకొల్లు మాస్టారు
భావం బాగుంది. రెండో పాదంలో యతి తప్పింది, “తా”కి “న” పడదు. “తాత మేను బొగ్గు తలపు దెచ్చు” అనండి. యతి కుదురుతుంది, బొగ్గు అన్నాక మళ్లీ నలుపు అనే చర్వితచర్వణమూ పోతుంది. పైగా “దెచ్చు నర్జునయ్య” అని ద్రుతసంధి ఇప్పుడున్నట్టే నిలుస్తుంది.

ముమ్మిడివరం రైతు
మార్చుకున్నానండి. తాతగారు ఉంటే “బొగ్గు” అన్నందుకు కర్ర తీసేవారు.

భీమవరం
అర్జున శబ్దానికి రంగుతో పని లేదు. స్వచ్ఛమైన పనులు చేసేవాడని అర్థం. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పది పేర్లూ చెబుతూ అర్జునుడే ఆ మాట అన్నాడు.

జమ్మిచెట్టు నీడ సందేహ మడుగంగ
ఉత్తరునకు పార్థు డొసగె బదులు
చేత తెల్లనైన చీకటి మేనేమి
నల్లవాని పేరు తెల్లవాడు

పాలకొల్లు మాస్టారు
మూడో పాదానికి నా ఓటు. “అడుగంగ / ఉత్తరునకు” విసంధి, “అడుగంగ / నుత్తరునకు” అనాలి. ఉ–ఒ యతికి భంగం లేదు.

ఇక అర్థం సంగతి. మీరు శ్లోకంలో సగమే తీసుకున్నారు. వ్యాసుడి శ్లోకంలో అర్జునుడు ముందు తన వర్ణం భూమ్మీద దుర్లభమంటాడు, ఆ తర్వాతే శుక్లమైన కర్మ చేస్తానంటాడు. అంటే రంగు మాట అక్కడా ఉంది. అదే పట్టికలో పదో పేరు “కృష్ణ”. పిల్లవాడి నల్లని మెరుపు చూసి తండ్రి ముద్దుగా పెట్టాడట. ఒకే మనిషికి తెల్లన, నల్లన రెండూ పేర్లే. ఆ ఇబ్బంది వ్యాసుడికీ ఎదురైంది గనకే పేరును ఒంటి మీంచి పని మీదికి జరిపాడని నా ఊహ. ఊహే, రుజువు అడగకండి.

రంగు అర్థం అంతకంటే పాతది. ఋగ్వేదం ఆరో మండలం తొమ్మిదో సూక్తం మొదలే “అహశ్చ కృష్ణమహరర్జునం చ”. నల్లని పగలు, తెల్లని పగలు, అంటే రాత్రీ పగలూ. అందుకే నాదొకటి:

పగటి కర్జున మను పలుకుండె వేదాన
రాత్రి కృష్ణ మయ్యె రంగు బట్టి
రంగు వోయి నేడు రాజు పేరె మిగిలె
నల్లవాని పేరు తెల్లవాడు

రాజోలు కోడలు
మాస్టారూ, పద్యం అదిరింది. ఒక్క అనుమానం. జతగా పుట్టిన మాటలైతే కృష్ణలో నలుపు ఇంకా వినిపిస్తోందిగా? అర్జునలోనే ఎందుకు పోయింది?

పాలకొల్లు మాస్టారు
మంచి ప్రశ్న. కృష్ణకు పంచాంగం కాపలా ఉందమ్మా. నెలనెలా కృష్ణపక్షం అంటూనే ఉంటాం, చీకటి రాత్రులు చూస్తూనే ఉంటాం. అర్జునకు ఆ ఆసరా లేదు. తెలుపు అనే పని శుక్ల, శ్వేత, ధవళ పంచుకున్నాయి. ఎదురు పక్షానికి కూడా శుక్లపక్షమనే పేరు స్థిరపడింది. చేసే పని పోయాక మాట వీరుడి పేరుగానే బతికింది. మనం పిల్లవాడికి అర్జున్ అని పెట్టేది విల్లు గుర్తొచ్చి, రంగు గుర్తొచ్చి కాదు.

చెట్టులో మాత్రం ఆ రంగు చెక్కుచెదరలేదు. అర్జునవృక్షాన్ని మనం తెల్లమద్ది అంటాం. బెరడు నున్నగా, బూడిద తెలుపులో, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. నల్లమద్ది పక్కన నిలబెడితే చిన్నపిల్లాడైనా తేడా చెబుతాడు, దాని బెరడు ముదురు రంగులో పగిలి గరుకుగా ఉంటుంది. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి వెలసింది ఈ అర్జునవృక్షం తొర్రలోనే. ఈసారి దర్శనానికి వెళ్లినప్పుడు చెట్టు వంక కూడా చూడండి.

రాజోలు కోడలు
అయితే నాదీ కాచుకోండి. మా మామగారి పేరు మీద:

పాండురంగ డనుచు భజనలు సేయగా
నిటుక మీద శిలయె యెదుట నిలిచె
కారుమబ్బు చాయ కన్నుల నింపెను
నల్లవాని పేరు తెల్లవాడు

పాండు అంటే తెలుపు, పండరిపురంలో ఇటుక మీద నిలబడిన విగ్రహం నల్లరాయి. ఇంతకంటే సూటిగా సమస్యకు సరిపోయే పేరు ఉందా?

పాలకొల్లు మాస్టారు
ఛందస్సులో వంక లేదు. “పా–భ” యతి ధైర్యంగా వేశావు. అర్థంలో మాత్రం ఒక పేచీ ఉంది. పాండురంగ ముందు ఊరి పేరని, కన్నడ దేశపు పాత ఊరి పేరుకు సంస్కృతం తొడుగు వేస్తే ఇలా అయిందని కొందరి వాదన. అదే నిజమైతే ఆ పేరులో మొదట్నించీ తెలుపే లేదు, మనమే తర్వాత విన్నాం. తెల్లని శివుడి పేరే విఠలుడికి వచ్చిందనేవారూ ఉన్నారు.

రాజోలు కోడలు
మా మామగారికి ఇది చెప్పను.

ధవళేశ్వరం
ఆయ్, నాదీ చూడండి. అర్జునుడూ పాండురంగడూ అంటూ దూరాలు పోయారు గానీ, గట్టున ఉన్న మనిషిని వదిలేశారు.

ఆనకట్ట గట్టి యన్నము పెట్టెను
కాటను దొర మనకు గంగ తెచ్చి
నేల మీద నిలిపె నీటితో పచ్చగా
నల్లవాని పేరు తెల్లవాడు

భీమవరం
ఇది పేరు అర్థం మీద పూరణ కాదు. సమస్యనే వేరేగా చదివారు.

ధవళేశ్వరం
ఎందుకు కాదండి? నల్లవాడి పేరును, అంటే పరువును, తెల్లవాడు నిలిపాడు. 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే కదా డెల్టాకి అన్నపూర్ణ అన్న పేరు వచ్చింది!

పాలకొల్లు మాస్టారు
అన్వయం చూస్తే అందరిలోకీ ఈయనదే సాఫీగా ఉంది. మా అందరి పద్యాల్లో చివరి పాదం విడిగా నిలబడింది, ఈయన “నిలిపె” క్రియతో దాన్ని వాక్యంలో కలిపేశాడు. నాకు బాధ పద్యంతో కాదు, “పరువు” తోనే. ఆనకట్టకు రాళ్లెత్తింది ఎవరో, పరువు ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి. పేరు కావాలంటే స్నానసంకల్పంలో కాటన్‌ను భగీరథుడన్న శ్లోకం మనవాళ్లు చదివేదే ఉంది. ఆ పేరు మీద రాసి ఉంటే నియమంలోనూ ఇమిడేది.

ధవళేశ్వరం
భగీరథలో నలుపూ లేదు, తెలుపూ లేదు. మీరు పద్యం రాసి చూపించండి, నేను ఒప్పుకుంటా.

నిర్వాహకుడు, అమలాపురం
కాటన్ పూరణను పోటీలో ఉంచాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ముమ్మిడివరం గారి సవరించిన పద్యాన్ని, భీమవరం వారి రెండో పాదానికి “నుత్తరునకు” దిద్దుబాటును పైన చేర్చాను. ఎవరో విడిగా “బదులు” ఉర్దూ మాట కదా అని అడిగారు. అవును, అయినా మార్చను. వచ్చే వారం సమస్యకు గౌరి పేరు తీసుకుందామా, శ్యామల పేరా? ఏదో ఒకటి చెప్పండి, పాదం నేను కడతాను.