అప్‌డేట్: మీట్ చాట్ దొరికింది, కానీ సగమే

నా ప్రశ్న: "గూగుల్ మీట్‌లో క్లయింట్ చాట్‌లో టైప్ చేసిన మార్పుల లిస్టు కాల్ అయిపోగానే కనిపించడం లేదు, ఎక్కడికి పోయింది?"

సమాధానం రాసిన అందరికీ థ్యాంక్స్. "మీటింగ్ పెట్టినవాళ్లని అడుగు" అన్న సలహానే పనిచేసింది. బ్రౌజర్ హిస్టరీ వెతకడం, ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వడం, ఇవన్నీ ఈ సమస్యకు సంబంధం లేనివి, ఎందుకంటే ఆ మెసేజ్‌లు మన కంప్యూటర్‌లో సేవ్ కావు, మామూలుగా కాల్ నడుస్తున్నంతసేపే కనిపిస్తాయి.

అయితే మీటింగ్ రికార్డ్ చేస్తే చాట్ కూడా ఒక ఫైల్‌గా వెళ్లి మీటింగ్ పెట్టినవాళ్ల డ్రైవ్‌లో Meet Recordings ఫోల్డర్‌లో, వీడియో పక్కనే కూర్చుంటుంది. మాదాపూర్‌లో మా ఆఫీసు నుంచి క్లయింట్ మేడమ్‌కి ఫోన్ చేస్తే, ఆవిడ అక్కడ చూసి .sbv ఫైల్ పంపారు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి మెసేజ్ పైన టైమ్, కింద పేరు, మాట.

అందులో మొదటి మూడు మార్పులు లేవు! చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత అర్థమైంది, ఆవిడ రికార్డింగ్ మొదలుపెట్టింది పదిహేను నిమిషాలు ఆలస్యంగా, రికార్డింగ్ నడిచినప్పుడు వచ్చిన మెసేజ్‌లే ఫైల్‌లోకి వెళ్తాయి. ఆ మూడూ ఆవిడే ఫోన్‌లో మళ్లీ చెప్పారు, రాసుకున్నాను. రికార్డింగే లేకపోయి ఉంటే ఆ ఫైల్ కూడా ఉండేది కాదు, అందుకే ఇప్పుడు కాల్ కట్ చేసే ముందే చాట్ మొత్తం కాపీ చేసి మెయిల్‌లో పెట్టుకుంటున్నాను.